సన్‌స్క్రీన్ మీది అంకె, ముఖం మీది జిడ్డు

సన్‌స్క్రీన్ ట్యూబు మీద ఉండే ఎస్‌పీఎఫ్ 30, ఎస్‌పీఎఫ్ 50 అనే అంకెలు ట్యూబులో ఉన్న పదార్థానికి మాత్రమే చెందినవి కావు. దాన్ని ఒక నిర్ణీత మందంలో చర్మానికి పూసినప్పుడు ఎంత రక్షణ దొరుకుతుందో అవి చెబుతాయి. పూత పలచబడితే రక్షణ కూడా పడిపోతుంది. జిడ్డు చర్మం ఉండి, విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు వంటి కోస్తా ఊళ్ల ఉక్కపోతలో తిరిగేవారు అన్నిటికంటే ముందు తెలుసుకోవలసింది ఇదే. ముఖానికి జిగటగా అంటుకునే దేన్నయినా ఎవరైనా తక్కువగానే రాసుకుంటారు. అలా తక్కువగా రాసుకున్న రోజున ట్యూబు మీద ఎంత పెద్ద అంకె ఉన్నా ముఖానికి అందేది అందులో కొంత భాగమే.

అంకె ఎలా పుడుతుంది

ఎస్‌పీఎఫ్‌ను మనుషుల వీపు మీద కొలుస్తారు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 24444 ప్రకారం కనీసం 10 మంది వలంటీర్లను తీసుకుంటారు. వారి వీపు మీద ఒక చోట ప్రతి చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున సన్‌స్క్రీన్ పూస్తారు. పక్కనే మరో చోట ఏమీ పూయరు. కాసేపు ఆరనిచ్చి, సూర్యకాంతిని పోలిన అతినీలలోహిత కిరణాలనిచ్చే దీపంతో రెండు చోట్లా కొద్ది కొద్దిగా మోతాదు పెంచుతూ వెలుగు పడనిస్తారు. మర్నాడు చూసి, ఎంత మోతాదు దగ్గర చర్మం ఎర్రబడటం మొదలైందో గుర్తిస్తారు. పూత లేని చోట ఒక పాలు కిరణాలకే ఎర్రబడిన చర్మం, పూత ఉన్న చోట 30 పాళ్లు పడితే గాని ఎర్రబడకపోతే ఆ సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30.

ఎస్‌పీఎఫ్ కొలిచేది కిరణాల మోతాదును. దాన్ని గంటలుగా లెక్కవేయడం చాలామంది చేసే పొరపాటు. పది నిమిషాల్లో కమిలే చర్మానికి ఎస్‌పీఎఫ్ 30 పూస్తే 300 నిమిషాలు భయం లేదనుకుంటారు. ఉదయం ఎనిమిదింటి పది నిమిషాలు, మధ్యాహ్నం పన్నెండింటి పది నిమిషాలు ఒకటి కావు. మిట్టమధ్యాహ్నం కొద్దిసేపట్లో పడే మోతాదు పొద్దున్నే చాలాసేపు నిలబడినా పడదు. పైగా చెమట, తుడవడం వల్ల పూత గంటగంటకూ అరిగిపోతుంది.

ఇక 30కి, 50కి మధ్య తేడాను రెండు రకాలుగా చెబుతారు, రెండూ నిజమే. ఎర్రబరిచే కిరణాల్లో ఎస్‌పీఎఫ్ 15 సుమారు 93 శాతాన్ని, 30 సుమారు 97 శాతాన్ని, 50 సుమారు 98 శాతాన్ని ఆపుతాయి. ఆగిన వాటిని చూస్తే తేడా ఒక్క శాతమే. చర్మాన్ని చేరిన వాటిని చూస్తే 30లో నూటికి 3కు కొంచెం ఎక్కువ, 50లో 2. చర్మానికి హాని చేసేవి చేరిన కిరణాలే కాబట్టి 50 నిజంగానే కొంత మెరుగు. అయితే ఈ శాతాలన్నీ 2 మిల్లీగ్రాముల పూతకే వర్తిస్తాయి.

అంకె మీద నమ్మకానికి మరో హద్దు కూడా ఉంది. 2025 జూన్‌లో ఆస్ట్రేలియా వినియోగదారుల సంస్థ ఛాయిస్ తాను పరీక్షించిన 20 సన్‌స్క్రీన్లలో 16 తమ ట్యూబు మీద రాసుకున్న ఎస్‌పీఎఫ్‌ను అందుకోలేదని ప్రకటించింది. సన్‌స్క్రీన్ల మీద నియంత్రణ గట్టిగా ఉన్న దేశంలోనే పరిస్థితి ఇది. కాబట్టి అవసరానికి సరిగ్గా సరిపోయే అంకెను కాక కొంత మిగులు ఉండే అంకెను ఎంచుకోవడం తెలివైన పని. రోజూ ఎండలో తిరిగేవారికి 30 కనీసం, 50 మేలు.

ఎరుపు ఒకటి, నలుపు మరొకటి

ఎస్‌పీఎఫ్ పరీక్ష చూసేది చర్మం ఎర్రబడటాన్ని. దానికి ముఖ్యంగా కారణమయ్యేవి యూవీబీ కిరణాలు. పరీక్షకు ఎంచుకునేది కూడా సులువుగా కమిలే లేతరంగు చర్మం ఉన్నవారినే. తెలుగువారిలో ఎక్కువమందిది గోధుమ, చామనచాయ చర్మం. ఎండకు అది ఎర్రబడటం కంటే నల్లబడటమే ఎక్కువ. మొటిమ మానిన చోట నల్లమచ్చ ఉండిపోవడం, బుగ్గల మీద మంగు ముదరడం వంటివే ఇక్కడ బాధపెట్టే సమస్యలు. వీటిలో యూవీఏ కిరణాలకు పెద్ద పాత్ర ఉంది. అవి చర్మం లోతుకు వెళ్తాయి, రోజంతా ఉంటాయి, బస్సు కిటికీ అద్దం గుండా కూడా చాలావరకు లోపలికి వస్తాయి. పలచటి మబ్బు వాటిని పెద్దగా ఆపదు.

యూవీఏ నుంచి రక్షణ ఎంతో ఎస్‌పీఎఫ్ చెప్పదు. దానికి పీఏ గుర్తును చూడాలి. ఇది జపాన్ సౌందర్య సాధనాల పరిశ్రమ సంఘం 1996లో మొదలుపెట్టిన పద్ధతి. ఇందులో చర్మం ఎర్రబడటానికి బదులు నల్లబడి, ఆ నలుపు కొన్ని గంటలపాటు నిలవడాన్ని కొలుస్తారు. పూత వల్ల నల్లబడటానికి కావలసిన మోతాదు 2 నుంచి 4 రెట్లయితే ఒక ప్లస్, 4 నుంచి 8 అయితే రెండు, 8 నుంచి 16 అయితే మూడు, 16 లేక అంతకు మించితే నాలుగు. నాలుగో ప్లస్ 2013లో వచ్చి చేరింది. యూరప్ పద్ధతిలో తయారైన ట్యూబుల మీద పీఏకు బదులు, ఒక వలయంలో యూవీఏ అని రాసి ఉంటుంది. ఎస్‌పీఎఫ్‌లో కనీసం మూడోవంతు యూవీఏ రక్షణ ఉంటేనే ఆ వలయం వేయాలి.

అందువల్ల ఎండకు కమిలే ముందు నల్లబడే చర్మానికి ఎస్‌పీఎఫ్ 50, పీఏ++ కంటే ఎస్‌పీఎఫ్ 30, పీఏ++++ మెరుగు కావచ్చు. మొటిమల మచ్చలు, మంగు ఉన్నవారు ముందు ప్లస్‌లు చూసి, ఆ తర్వాతే అంకె చూడాలి. మంగును కంటికి కనిపించే వెలుగు కూడా ముదురుస్తుంది. అందుకే చర్మవైద్యులు వారికి ఐరన్ ఆక్సైడ్ కలిసిన లేత రంగు సన్‌స్క్రీన్లను సూచిస్తుంటారు.

రెండు మిల్లీగ్రాముల లెక్క

పరీక్షలో వాడే 2 మిల్లీగ్రాముల పూత ఇంట్లో ఎంత అవుతుందో ఒక ఉదాహరణతో తెలుస్తుంది. విశాఖపట్నంలో రోజూ స్కూటీ మీద ఆఫీసుకు వెళ్లే ఒక ఉద్యోగిని ముఖం, మెడ ముందు భాగం కలిపి సుమారు 600 చదరపు సెంటీమీటర్లు ఉంటుందనుకుంటే, ఒకసారి పూయడానికి 1,200 మిల్లీగ్రాములు, అంటే 1.2 గ్రాములు కావాలి. ఆ లెక్కన 50 గ్రాముల ట్యూబు 41 సార్లకు సరిపోతుంది. రోజుకు ఒక్కసారే పూసినా ఆరు వారాల్లో అయిపోవాలి.

ఆమె ట్యూబు మాత్రం ఆరు నెలలు వచ్చింది. 50 గ్రాములను 180 రోజులకు పంచితే రోజుకు 0.28 గ్రాము. 600 చదరపు సెంటీమీటర్లకు పంచితే ఒక్కో దానికి అర మిల్లీగ్రాము కూడా పడలేదు. అంటే కావలసిన దానిలో నాలుగోవంతు కంటే తక్కువ. పూత తగ్గిన కొద్దీ రక్షణ అదే నిష్పత్తిలో పడిపోతుందని కొన్ని పరీక్షల్లో తేలింది, అంతకంటే వేగంగా పడిపోతుందని మరికొన్నిటిలో తేలింది. ఆశాజనకమైన లెక్కే తీసుకున్నా, ట్యూబు మీద 50 అని ఉన్నా ఆమె ముఖం మీద ఉన్నది 12కు లోపే. ఎస్‌పీఎఫ్ 30ని సగం మందంలో పూసినా ఇదే లెక్కన 15 దక్కేది. పూర్తిగా పూసి ఉంటే 30.

ఆమె తక్కువ పూయడానికి కారణం బద్ధకం కాదు. కొన్న క్రీము చిక్కటిది. పూసిన పావుగంటకే ముఖం నూనె రాసినట్టు మెరిసేది, హెల్మెట్ కింద చెమటతో కలిసి కళ్లలోకి దిగేది. అందుకే శనగగింజంత తీసుకుని ముఖమంతా సర్దేది. జిడ్డు చర్మానికి సన్‌స్క్రీన్ తేలికదనం సుఖానికి మాత్రమే సంబంధించింది కాదు. ఎంత పూయగలరో, అందువల్ల ఎంత రక్షణ దక్కుతుందో తేల్చేది ఆ తేలికదనమే.

రోజూ గ్రాములు తూచుకోనక్కర్లేదు. చూపుడువేలు, మధ్యవేలు మొదటి నుంచి చివరిదాకా నిండుగా గీత గీసినట్టు సన్‌స్క్రీన్ తీసుకుంటే ముఖానికి, మెడకు దాదాపు సరిపోతుంది. పల్చటి ద్రవమైతే వేళ్ల మీద నిలవదు, అప్పుడు టీ చెంచాలో పావు వంతుకు తగ్గకుండా తీసుకోవాలి. ట్యూబు మొదలుపెట్టిన తేదీని దాని మీదే రాసుకుంటే, అది ఎన్నాళ్లకు అయిపోయిందో చూసి పూత మందం ఎంతో చెప్పేయవచ్చు.

ఉక్కలో పూతకు ఏమవుతుంది

ఆరిన సన్‌స్క్రీన్ చర్మం మీద సన్నని పొరగా నిలుస్తుంది. ఆ పొర ఎక్కడా తెగకుండా, సమానంగా ఉన్నంతవరకే రక్షణ. పొడిగాలిలో చెమట పట్టీ పట్టగానే ఆవిరైపోతుంది. గాలిలో తేమ నిండిన చోట అది ఆవిరి కాక బొట్లు కడుతుంది. ఆ చెమట పొర కిందనుంచి పుడుతుంది కనుక పూతను చిన్న చిన్న చోట్ల లేపేస్తుంది. ఇంకోపక్క జిడ్డు చర్మం నూనెను వదులుతూనే ఉంటుంది. సన్‌స్క్రీన్లలోని చాలా రక్షక పదార్థాలు నూనెలో కరిగేవే. కాబట్టి అవి ఈ నూనెతో కలిసి ఉన్నచోటి నుంచి జారి నుదుటి మడతల్లో, ముక్కు పక్కల పోగవుతాయి. ఒకచోట మందం, ఒకచోట ఖాళీ. వీటన్నిటికంటే పెద్ద నష్టం చేతిరుమాలుతో ముఖం రుద్ది తుడవడం. ఆ ఒక్కసారికే పూత చాలావరకు గుడ్డకు అంటుకుని పోతుంది.

వాటర్ రెసిస్టెంట్ అని రాసి ఉన్నవి ఉక్కలో ఎక్కువసేపు నిలుస్తాయి. అయితే ఆ మాటకు కూడా కొలత ఉంది. అమెరికాలో 40 నిమిషాలు నీళ్లలో ఉన్నాకనో, 80 నిమిషాలు ఉన్నాకనో మిగిలిన రక్షణనే ట్యూబు మీద రాయాలి. యూరప్ పద్ధతిలో 40 నిమిషాల తర్వాత సగం రక్షణ మిగిలినా ఆ పేరు పెట్టుకోవచ్చు. చెమటకు చెక్కుచెదరదని చెప్పుకోవడాన్ని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011 నిబంధనలతో ఆపించింది. రోజంతా నిలిచే పూత ఏదీ లేదు.

ఏది ఎంచుకోవాలి

జిడ్డు చర్మానికి సాధారణంగా మూడు రకాలు నప్పుతాయి. మొదటిది నీటి జెల్. తేలికగా పరుచుకుంటుంది, చల్లగా ఉంటుంది. చాలా జెల్లు త్వరగా ఆరేందుకు ఆల్కహాల్ కలుపుతారు, దానితో మానని మొటిమల మీద మంట పుట్టవచ్చు. రెండోది సిలికోన్ జెల్. ఇందులో డైమెథికోన్ వంటి పదార్థాలు, జిడ్డు పీల్చే సిలికా ఉంటాయి. ముఖం మెరవకుండా మెత్తగా కనిపిస్తుంది, చెమటకు కొంత బాగా తట్టుకుంటుంది. అయితే కింద మాయిశ్చరైజర్ తడి ఆరకముందే పూస్తే మట్టి నలిచినట్టు ఉండలు కడుతుంది. మూడోది నీళ్లలా పల్చగా ఉండే ఫ్లూయిడ్. సీసాను ఊపి వాడమని రాసి ఉంటే తప్పక ఊపాలి. అందులోని పొడి అడుగున పేరుకుని ఉంటుంది, ఊపకపోతే పైకి వచ్చేది రక్షణ తక్కువున్న ద్రవమే.

ఆయిల్ ఫ్రీ అన్న మాటకు మొక్కల నూనెలు, ఖనిజ నూనెలు కలపలేదని మాత్రమే అర్థం. ఆక్టోక్రిలీన్, ఆక్టినాక్సేట్ వంటి రక్షక పదార్థాలే స్వయంగా నూనెలాంటి ద్రవాలు. అంకె పెంచాలంటే ఇలాంటి పదార్థాలు ఎక్కువ వేయాలి కనుక ఒకే కంపెనీ చేసిన 30 కంటే 50 జిడ్డుగా అనిపించడం సహజం. రెండు వేళ్ల నిండా 50 పూసి భరించలేనివారు అదే మందంలో 30ని భరించగలిగితే వారికి 30 ఎక్కువ రక్షణ ఇస్తుంది. నాన్ కామెడోజెనిక్ అంటే చర్మ రంధ్రాలు మూయదని కంపెనీ చెప్పే మాట. అన్నిచోట్లా ఒకే పరీక్షకు నిలబడే ప్రమాణం దానికి లేదు. కాబట్టి దాన్ని ఒక సూచనగా తీసుకుని, చివరి తీర్పు చర్మానికే వదలాలి.

జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న ఖనిజ సన్‌స్క్రీన్లు మంట పుట్టించవు, సున్నితమైన చర్మానికి మంచివి. చామనచాయ ముఖం మీద మాత్రం బూడిద పూసినట్టు తెల్లగా కనిపిస్తాయి. ఆ తెలుపును దాచాలని తక్కువ పూయడం మొదలైతే లాభం పోతుంది. అలాంటప్పుడు రంగు కలిపినదో, తెలుపు కనబడని వేరే రకమో మేలు.

కొనేముందు దవడ పక్కన కొద్ది చోట వరుసగా నాలుగైదు రోజులు పూసి చూడాలి. చిన్న ట్యూబు దొరికితే అదే కొనడం మంచిది. దుకాణంలో చేతి వెనక రాసి చూస్తే సరిపోదు. చేతి వెనక చర్మం నుదుటిలా నూనె వదలదు.

పూసే తీరు, మళ్లీ పూయడం

ముఖం కడిగి, తడి పూర్తిగా ఆరాక పూయాలి. బాగా జిడ్డున్నవారికి ఉక్కరోజుల్లో కింద వేరే మాయిశ్చరైజర్ చాలావరకు అవసరం ఉండదు. తీసుకున్న మొత్తాన్ని ఒక్కసారే రుద్దితే జిగట తెలుస్తుంది. సగం పూసి, ఐదు నిమిషాలు ఆగి మిగతా సగం పూస్తే అదే మందం తేలిగ్గా కుదురుకుంటుంది, ఖాళీలు కూడా మిగలవు. చెవులు, మెడ వెనక, కనుబొమల పైభాగం తరచూ మరిచిపోయే చోట్లు. బయలుదేరడానికి పావుగంట ముందు పూస్తే పొర ఆరి నిలుస్తుంది.

తలకు కొబ్బరినూనె పెట్టుకునేవారు ఒక సంగతి గమనించాలి. చెమటతో ఆ నూనె నుదుటి మీదికి దిగి సన్‌స్క్రీన్ పొరను కరిగిస్తుంది, జుట్టు అంచు వెంట మొటిమలు కూడా తెస్తుంది. నింద మాత్రం సన్‌స్క్రీన్ మీద పడుతుంది. ఎండకు వెళ్లే రోజు నూనెను రాత్రి పెట్టి పొద్దున తలస్నానం చేయడం ఇద్దరికీ మంచిది, జుట్టుకూ ముఖానికీ.

ఎండలోనే ఉంటే రెండు గంటలకొకసారి, చెమట తుడుచుకున్నాక ఆలోగానే మళ్లీ పూయాలి. ముందుగా మెత్తటి గుడ్డనో టిష్యూనో ముఖానికి అద్ది చెమటను, జిడ్డును తీయాలి, రుద్దకూడదు. ఆ తర్వాత మళ్లీ పూత. రోజంతా ఆఫీసు లోపలే ఉండేవారు సాయంత్రం బయలుదేరే ముందు పూస్తే సాధారణంగా సరిపోతుంది. సన్‌స్క్రీన్ పౌడరు మెరుపు తగ్గించడానికి పనికొస్తుంది. చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు పడేంత పౌడరు ముఖాన ఎవరూ వేసుకోరు కనుక అది పూతకు బదులు కాదు.

రాత్రి తప్పక కడగాలి. నీటికి తట్టుకునే సిలికోన్ పొర ఒక్కసారి కడిగితే పోదు. కడిగాక వేలితో ముక్కు పక్కన రాస్తే ఇంకా జారుతున్నట్టుంటే మరోసారి మృదువైన ఫేస్‌వాష్ వాడాలి. మిగిలిపోయిన పూత మీద మర్నాటి పూత వేస్తూ పోవడమే చాలామందికి మొటిమలు తెచ్చేది.

నప్పలేదని తెలిసేది ఎలా

కొత్త సన్‌స్క్రీన్ మొదలుపెట్టిన రెండు మూడు వారాల్లో నుదుటి మీద, గడ్డం మీద తల తెల్లగా ఉన్న చిన్న పొక్కులు కొత్తగా వస్తే అది చర్మ రంధ్రాలను మూస్తోందని అనుమానించాలి. పూసిన కాసేపటికే మంట, ఎరుపు, దురద వస్తే ఏదో ఒక పదార్థం పడడం లేదు, వెంటనే ఆపాలి. ఒకే పరిమాణంలో ఉన్న దురద పొక్కులు ఉక్కరోజుల్లో గుంపుగా వస్తే అవి మొటిమలు కాకపోవచ్చు. చెమటకాయలు గానీ, ఒక రకం బూజు వల్ల వచ్చేవి గానీ కావచ్చు. సన్‌స్క్రీన్ మార్చినా అవి తగ్గవు, చర్మవైద్యుడికి చూపించాలి. తెల్లచొక్కా కాలరు మీద తుప్పులాంటి మరక పడితే సాధారణంగా అది అవోబెంజోన్ నీళ్లలోని ఇనుముతో కలిసినప్పుడు వచ్చేది. చర్మానికి దానితో ప్రమాదం లేదు.

సరిపోయినదాన్ని ఎంచుకున్నామని చెప్పే గుర్తు ట్యూబే. విశాఖ ఉద్యోగిని చిక్కటి క్రీము మానేసి, పీఏ++++ ఉన్న ఎస్‌పీఎఫ్ 50 ఫ్లూయిడ్‌ను రెండు విడతలుగా పూయడం మొదలుపెడితే 50 గ్రాముల సీసా ఆరు వారాల్లో అయిపోతుంది. అది 400 రూపాయలదైతే పూతకు సుమారు పది రూపాయలు. ఆరు నెలలు వచ్చిన ట్యూబుతో పోలిస్తే ఖర్చు నాలుగింతలు. నిండుగా పూసిన ఆ పూత కూడా కిరణాలను కొంత వదులుతుంది, చెమటతో పలచబడుతుంది. ఆ మిగతా పని గొడుగు, వెడల్పు అంచు టోపీ, హెల్మెట్ అద్దం, ముఖానికి చుట్టుకున్న చున్నీ, పొడుగు చేతుల చొక్కా చేయాలి. గుడ్డ నీడ చెమటకు కరగదు కాబట్టి, అది కప్పలేని మేరకే సన్‌స్క్రీన్‌ను నమ్ముకోవాలి.